భద్రాచలం చుట్టూ పది కిలోమీటర్లు: పటంలో ఉన్న క్లినిక్కులు, వీధిలో ఉన్న క్లినిక్కులు

భద్రాచలం పట్టణంలో ఒక బిందువును కేంద్రంగా తీసుకుని, దాని చుట్టూ 10 కిలోమీటర్ల వృత్తం గీసి, ఆ వృత్తంలో ఉన్న క్లినిక్కులన్నీ చూపించమని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను అడగవచ్చు. ఎవరైనా వాడుకోగల, ఎవరైనా దిద్దగల ఆ పటం 2004లో ఇంగ్లండులో మొదలైంది. దాని సమాచారాన్ని ప్రశ్నించడానికి ఓవర్‌పాస్ అనే సేవ ఉంది. నాలుగైదు వరుసల ప్రశ్న రాస్తే కొన్ని సెకన్లలో జాబితా చేతికి వస్తుంది. ఇక్కడిదాకా చిక్కేమీ లేదు. చిక్కంతా ప్రశ్నలోని "అన్నీ" అనే మాటలో ఉంది. పటం తనలో ఉన్నవాటిని మాత్రమే చెప్పగలదు, తనలో లేనివి ఎన్నో అది చెప్పలేదు. ఆ రెండో లెక్కను మనం ఎలా రాబట్టాలన్నదే ఈ వ్యాసం విషయం.

భద్రాచలాన్ని ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది గోదావరి. పట్టణం ఎడమ గట్టున ఉంది, ఎదురుగా కుడి గట్టున సారపాక ఉంది, రెండింటినీ వంతెన కలుపుతోంది. రెండోది రాష్ట్ర సరిహద్దు. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండి, ఆ మండలంలోని మిగతా ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. కాబట్టి పట్టణం చుట్టూ గీసిన 10 కిలోమీటర్ల వృత్తం రెండు రాష్ట్రాలను తాకుతుంది. ఏ ఒక్క రాష్ట్ర ఆరోగ్య శాఖ జాబితా తీసుకున్నా వృత్తంలో ఒక ముక్క ఖాళీగా కనిపిస్తుంది. పటానికి సరిహద్దుతో పని లేదు, అందుకే ఇలాంటి చోట దానికి ప్రత్యేకమైన విలువ ఉంది.

ప్రశ్న ఇలా ఉంటుంది.

```
[out:json][timeout:60];
(
  nwr["amenity"~"^(clinic|doctors|hospital|health_post)$"]
     (around:12000,17.6688,80.8936);
  nwr["healthcare"](around:12000,17.6688,80.8936);
);
out meta center;
```

ఇందులో ప్రతి మాటకూ ఒక కారణం ఉంది. `nwr` అంటే బిందువులు, గీతలు, వాటి సముదాయాలు మూడూ కావాలని అర్థం. చిన్న క్లినిక్‌ను పటంలో బిందువుగా పెడతారు, ఆవరణ ఉన్న ఆసుపత్రిని ప్రహరీ వెంట గీసిన ఆకారంగా పెడతారు. బిందువులను మాత్రమే అడిగితే ఊళ్లోకెల్లా పెద్ద ఆసుపత్రే జాబితాలోంచి జారిపోవచ్చు. `out center` ఆకారాలకు కూడా ఒక మధ్యబిందువు ఇస్తుంది, `meta` ప్రతి నమోదును చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నారో చెబుతుంది. అక్షాంశం ముందు, రేఖాంశం వెనుక రావాలి. మరికొన్ని ఫైళ్లలో ఈ వరుస తారుమారుగా ఉంటుంది కనుక అక్కడినుంచి అంకెలను తెచ్చి అతికించేటప్పుడు పొరపాటు జరుగుతుంది. భద్రాచలం అంకెలను తిరగేస్తే మన వృత్తం స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన, ఆర్కిటిక్ సముద్రంలో పడుతుంది. అప్పుడు జవాబు తప్పు అని రాదు, ఖాళీగా వస్తుంది, అంతే.

ఖాళీ జవాబునూ, తక్కువ వరుసల జవాబునూ వెంటనే నమ్మకూడదు అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఓవర్‌పాస్ సర్వరుకు ఇచ్చిన సమయం మధ్యలో అయిపోతే అది చేతికందినంత వరకే పంపి ఊరుకోవచ్చు. పైకి జవాబు మామూలుగానే కనిపిస్తుంది, కానీ లోపల `remark` అనే చోట `runtime error` అన్న మాట ఉంటుంది. జాబితాను లెక్కించే ముందు ఆ మాట ఉందేమో చూడటం, `timestamp_osm_base` అనే చోట సమాచారం ఏ క్షణం నాటిదో రాసిపెట్టుకోవడం తప్పనిసరి. నెల తర్వాత మళ్లీ అడిగితే వేరే సంఖ్య వస్తుంది. అది పటం మారినందువల్లనా, మన ప్రశ్న మారినందువల్లనా అన్నది ఆ తేదీ ఉంటేనే తేలుతుంది.

కావలసింది 10 కిలోమీటర్లయితే 12 ఎందుకు అడిగామన్నది సహజంగా వచ్చే సందేహం. వృత్తం విస్తీర్ణంలో చివరి కిలోమీటరు పట్టీ వాటా, అంటే 9 నుంచి 10 కిలోమీటర్ల మధ్య ఉన్న వలయం వాటా, 19 శాతం. అంచు దగ్గర ఒక క్లినిక్ బిందువును వంద మీటర్లు పక్కకు పెట్టినా అది లోపలిదో బయటిదో మారిపోతుంది. పైగా ఆకారంగా గీసిన ఆసుపత్రి విషయంలో దాని గీత ఎక్కడైనా వృత్తాన్ని తాకితే చాలు, ఓవర్‌పాస్ దాన్ని లోపలిదిగానే లెక్కిస్తుంది. అందుచేత కొంచెం వెడల్పుగా అడిగి, మధ్యబిందువుల నుంచి దూరాన్ని మనమే కొలిచి 10 దగ్గర కోసుకోవడం మేలు. అంచున ఉన్నవాటిని ఒక్కొక్కటిగా కంటితో చూసే వీలు అప్పుడే దొరుకుతుంది.

ఇక అసలు ప్రశ్న, ఏ ముద్రలను, అంటే ఒక చోటు ఏ రకానిదో చెప్పడానికి పటంలో దానికి తగిలించే గుర్తులలో వేటిని, అడగాలి? ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పద్ధతిలో `clinic` అంటే పలువురు సిబ్బంది ఉన్న, రోగులను రాత్రి ఉంచుకోని, మధ్యస్థ వైద్య కేంద్రం. ఒక డాక్టరు గదికి `doctors` అన్న ముద్ర వేయాలి. రోగులను చేర్చుకునేది `hospital`. మన వాడుక దీనికి అడ్డంగా నడుస్తుంది. ఒకే డాక్టరు కూర్చునే గది బోర్డు మీద "క్లినిక్" అని ఉంటుంది, నాలుగు మంచాలున్న ఇల్లు "హాస్పిటల్" అవుతుంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని జనం ఆసుపత్రి అంటారు. పటంలోకి ఎక్కించినవాళ్లు బోర్డు మీది మాటను చూసి ముద్ర వేస్తారు. అందువల్ల ఒకే రకం పీహెచ్‌సీ ఒక ఊళ్లో `hospital` గా, ఇంకో ఊళ్లో `clinic` గా, మరో ఊళ్లో `healthcare=centre` గా ఉండటం మామూలే. కేవలం `amenity=clinic` అని అడిగితే వచ్చే జాబితా క్లినిక్కుల జాబితా కాదు, ఎవరో ఒకరు ఆ ముద్ర వేసిన చోట్ల జాబితా. కాబట్టి ముందు వల పెద్దది వేసి, వచ్చినవాటిలోంచి ల్యాబులను, మందుల షాపులను ఏరివేసి, మిగిలినవాటిని మన నిర్వచనం ప్రకారం మనమే వర్గాలుగా విడగొట్టుకోవాలి.

ఆ నిర్వచనాన్ని వీధిలోకి దిగకముందే కాగితం మీద పెట్టుకోవాలి, ఎందుకంటే వీధిలో ఎదురయ్యేవి సులువుగా ఒక గడిలో ఇమడవు. మందుల షాపులో కౌంటరు పక్కనుంచి లోపలికి ఒక సందు ఉంటుంది. దాని చివర పచ్చ తెర, తెర వెనక ఒక బల్ల, బీపీ చూసే యంత్రం, సాయంత్రం ఆరు తర్వాత వచ్చే డాక్టరు. బయట వేలాడే ఫ్లెక్సీ మీద "ప్రతి ఆదివారం గుండె వైద్య నిపుణులు" అని ఉంటుంది. పటంలో ఆ చోటు `pharmacy` గా మాత్రమే నమోదై ఉంటుంది, లేదా అసలు ఉండదు. వారానికి ఒకరోజు డాక్టరు వచ్చే గది క్లినిక్ అవుతుందా? ఊళ్లలో జనం మొదట వెళ్లే ఆర్‌ఎంపీ ఇంటి వరండాను లెక్కలోకి తీసుకోవాలా? అర్హత ఉన్న వైద్యుడు వారానికి కనీసం ఇన్ని గంటలు రోగులను చూసే స్థిరమైన చోటు అని ఒక గీత గీసుకుని, ఆర్‌ఎంపీలను వేరే వరుసలో రాసుకోవడం నాకు సబబుగా తోస్తుంది. వేరేవాళ్లు గీతను వేరేచోట గీయవచ్చు. కానీ గీత లేకుండా వెళ్తే ఇద్దరు సర్వేదారులు ఒకే వీధిలో రెండు రకాల లెక్కలు తెస్తారు, ఆ తేడాను పటం లోపంగా పొరబడే ప్రమాదం ఉంది.

ఇప్పుడు నేల మీద సరిచూడటం. సాధారణంగా చేసే పని ఏమిటంటే, జాబితాను ఫోనులో పెట్టుకుని ప్రతి చోటుకూ వెళ్లి, ఉందా లేదా అని టిక్కు పెట్టుకోవడం. ఇది అవసరమే. కానీ దీనివల్ల ఒక రకం తప్పు మాత్రమే బయటపడుతుంది. పటంలో ఉండి నేల మీద లేనివి, అంటే మూతపడినవి, వేరేచోటికి మారినవి, రెండుసార్లు ఎక్కినవి దొరుకుతాయి. నేల మీద ఉండి పటంలో లేనివి ఈ నడకలో ఎన్నటికీ దొరకవు, ఎందుకంటే మన అడుగులు పటం చూపిన చోట్లకే పడుతున్నాయి. అందుకని రెండో నడక ఒకటి కావాలి. వృత్తంలోంచి కొన్ని వీధులను, కొన్ని ఊళ్లను చీటీ తీసినట్టు ఎంచి, పటం జాబితాను చూడని మనిషిని అక్కడికి పంపి, కంటికి కనిపించిన ప్రతి క్లినిక్‌నూ రాయమనాలి. ఆ మనిషి జాబితాను ముందుగా చూడకూడదు అనే షరతు ఎంత ముఖ్యమైనదో కింది లెక్కలో తెలుస్తుంది.

అంకెలు ఊహించినవే, విధానం అర్థం కావడానికి మాత్రమే వాటిని పెడుతున్నాను. ఎంచుకున్న వీధుల్లో పటం 18 నమోదులు చూపిందనుకుందాం. మొదటి నడకలో వాటిలో 14 నిజంగా క్లినిక్కులేనని తేలింది. రెండు మూతపడ్డాయి, ఒకటి మందుల షాపు, ఇంకొకటి ఒకే ఆసుపత్రికి బిందువుగా ఒకసారి, ఆకారంగా ఒకసారి పడిన జంట నమోదు. అంటే పటం చెప్పినదానిలో 78 శాతం నిజం. ఇక్కడే ఆగితే పటం ఫరవాలేదనిపిస్తుంది. రెండో నడకలో, పటం చూడని మనిషి అవే వీధుల్లో 30 క్లినిక్కులు రాసుకొచ్చాడు. రెండు జాబితాలనూ పక్కపక్కన పెడితే 10 మాత్రమే ఉమ్మడిగా ఉన్నాయి. పటంలోని 4 చోట్లను నడిచిన మనిషి చూడలేదు, అవి పై అంతస్తుల్లో ఉన్నవో, ఆ వేళకు షట్టరు వేసి ఉన్నవో. అతను చూసిన 20 చోట్లు పటంలో లేవు.

అతను చూసిన 30లో పటానికి తెలిసినవి 10, అంటే పటం పట్టగలిగింది మూడో వంతు. 78 శాతానికీ 33 శాతానికీ మధ్య ఉన్న తేడాను గమనించండి. పటం అదే, వీధులు అవే. ఒకటి "చెప్పింది నిజమేనా" అన్న ప్రశ్నకు జవాబు, మరొకటి "నిజమైనదంతా చెప్పిందా" అన్న ప్రశ్నకు జవాబు. ఒక ప్రాంతంలో వైద్యం అందుబాటు గురించి పటం మీద ఆధారపడి మాట్లాడేవారు రెండో సంఖ్యను చెప్పకపోతే, ఆ పటంలోని తెల్లని ఖాళీలను క్లినిక్కులు లేని చోట్లుగా చదివించినట్టే. అది క్లినిక్ లేని ఊరో, పటం వేసేవాళ్లు పోని ఊరో పటం చెప్పదు.

రెండు జాబితాలూ కలిపితే 34 చోట్లు. ఇద్దరి కంటికీ పడనివి ఇంకెన్ని? దీనికి పాత ఉపాయం ఒకటి ఉంది. 1949లో సి. చంద్రశేఖర్, డబ్ల్యూ. ఎడ్వర్డ్స్ డెమింగ్ కలిసి, కలకత్తా దగ్గరి సింగూరు ఆరోగ్య కేంద్రం ప్రాంతంలో జనన మరణాల రిజిస్టరును ఇంటింటి సర్వేతో సరిపోల్చి, రెండింటికీ చిక్కనివాటి సంఖ్యను అంచనా వేసే పద్ధతిని ప్రచురించారు. తర్కం సులువైనది. నడిచిన మనిషి కంటపడిన 30లో మూడో వంతే పటంలో ఉన్నాయంటే, మొత్తంలో కూడా మూడో వంతే పటంలో ఉండాలి. పటంలోని నిజమైనవి 14 కాబట్టి మొత్తం 42. అంకెలు చిన్నవైనప్పుడు కాస్త దిద్దిన సూత్రం వాడతారు.

```
N = (n1 + 1) * (n2 + 1) / (m + 1) - 1
  = 15 * 31 / 11 - 1
  ≈ 41
```

ఇక్కడ `n1` పటంలోని నిజమైనవి, `n2` నడకలో దొరికినవి, `m` ఉమ్మడివి. 34 కళ్లారా చూసినవి, మరో 7 దాకా ఎవరికీ కనపడనివి అని ఈ లెక్క చెబుతుంది.

అయితే ఈ సూత్రం ఒక ఊహ మీద నిలబడింది. ఒక జాబితాలో ఉండటానికీ ఇంకో జాబితాలో ఉండటానికీ సంబంధం ఉండకూడదు. నడిచే మనిషి పటాన్ని ముందే చూస్తే ఉమ్మడివి పెరిగిపోయి, అంచనా తగ్గిపోయి, పటం ఉన్నదానికంటే మంచిదిగా కనిపిస్తుంది. పటం చూడకపోయినా ఇంకో రకం సంబంధం ఉండనే ఉంటుంది. పెద్ద బోర్డున్న ఆసుపత్రి పటం వేసినవారికీ కనిపిస్తుంది, నడిచేవారికీ కనిపిస్తుంది. సందులోని గది ఇద్దరికీ కనిపించదు. దీనికి మందు లెక్కను విడగొట్టడమే. పై అంకెల్లో పెద్దవి పటంలో 8, నడకలో 9, ఉమ్మడివి 8 అనుకుంటే అంచనా 9 వస్తుంది, అంటే దాదాపు అన్నీ దొరికినట్టే. మిగిలిన చిన్నవి పటంలో 6, నడకలో 21, ఉమ్మడివి 2 మాత్రమే. సూత్రంలో పెడితే సుమారు 50 వస్తుంది. మొత్తం 59. విడగొట్టకముందు 41 అన్న చోట ఇప్పుడు 59. ఉమ్మడివి రెండే ఉన్నప్పుడు వచ్చే ఆ 50ని గట్టి సంఖ్యగా చెప్పడం సరికాదు. ఇంకొక్కటి జత కలిసినా అది 38కి దిగుతుంది. చెప్పగలిగింది ఇంతవరకే: పెద్ద ఆసుపత్రుల విషయంలో ఈ పటాన్ని నమ్మవచ్చు, చిన్న క్లినిక్కుల విషయంలో నమ్మకూడదు, వాటి సంఖ్య తేలాలంటే ఇంకా ఎక్కువ వీధులు నడవాలి.

జత కలపడం అనే పనిలోనే అంచనా అటూ ఇటూ కావచ్చని దీన్నిబట్టి తెలుస్తోంది. పటంలో "Sri Sai Clinic", నడిచిన మనిషి పుస్తకంలో "శ్రీసాయి క్లినిక్", మధ్యలో 60 మీటర్ల దూరం. ఒకటేనా? ఆరుబయట ఫోను జీపీఎస్ ఐదు పది మీటర్ల తేడాతో చెబుతుంది, రెండు వైపులా మేడలున్న సందులో ఆ తేడా బాగా పెరుగుతుంది. పటంలోని బిందువును ఉపగ్రహ చిత్రం మీద అంచనాగా పెట్టి ఉండవచ్చు. అందుకని దూరం ఒక్కదాన్నే చూడక, పేరు, డాక్టరు ఏ విభాగం వారన్నది, పక్కనున్న దుకాణం, బోర్డు ఫొటో కలిపి చూడాలి. పేరు ఒకటేనన్న నమ్మకం కూడా పనికిరాదు, సాయి పేరు మీద ఒకే పట్టణంలో ఎన్ని క్లినిక్కులైనా ఉండవచ్చు. నడక ఏ వేళలో జరిగిందన్నదీ అంతే ముఖ్యం. పగలు పదకొండుకు మూసి ఉన్న షట్టరు సాయంత్రం ఏడుకు తెరుచుకుంటుంది. ఒక చోటును "మూతపడింది" అని రాయడానికి ముందు వేరే వేళలో ఇంకోసారి వెళ్లడం, పక్క కిరాణా కొట్టులో అడగడం కనీస జాగ్రత్త.

నమోదు మీద ఉండే తేదీ విషయంలోనూ తరచూ మోసపోతాం. `meta` చూపే తేదీ ఆ నమోదును ఎవరో చివరిసారి మార్చిన రోజు మాత్రమే. వేరే ఊళ్లో కూర్చున్న మనిషి పేరులో అక్షరదోషం దిద్దినా తేదీ కొత్తదవుతుంది. కొత్త తేదీ ఉందంటే క్లినిక్ ఉందని కాదు, పాత తేదీ ఉందంటే లేదనీ కాదు. వెళ్లి చూసినవారు `check_date` అనే ముద్రతో చూసిన తేదీ రాస్తే ఆ తేడా తెలుస్తుంది.

వ్యాసార్థం గురించి ఒక మాట మిగిలింది. `around` కొలిచేది కాకి ఎగిరే దూరం. వంతెనకు 8 కిలోమీటర్లు దిగువన, ఎడమ గట్టున ఉన్న ఒక ఊరిని కేంద్రంగా తీసుకుంటే, ఎదుటి గట్టున ఉన్న క్లినిక్ నది వెడల్పు దూరంలోనే కనిపిస్తుంది. కానీ పడవ లేకపోతే వంతెన దాకా 8, అవతలినుంచి మళ్లీ కిందికి 8, వెరసి 16 కిలోమీటర్ల దారి. 3 కిలోమీటర్ల వృత్తం దాన్ని దగ్గరిదిగా లెక్కిస్తుంది. ఇందుకోసం వృత్తంతో తొలి జాబితా తీసి, ఆ తర్వాత ఓపెన్‌రూట్‌సర్వీస్ లాంటి దారి లెక్కించే సేవతో రోడ్డు మీది దూరాన్ని పక్కన వేసుకోవాలి. గోదావరి వరదల్లో అదీ చాలదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 2022 జులైలో నీరు 71 అడుగులు దాటింది. అలాంటి రోజుల్లో లోతట్టు రోడ్లు మునిగి, పొడి రోజున లెక్కించిన దూరాలు చెల్లకుండా పోతాయి. నడకలో ఉన్నప్పుడే "వానాకాలం ఈ దారి ఉంటుందా" అని ఊరివాళ్లను అడిగి రాసుకోవడానికి పెద్ద శ్రమ పట్టదు.

తేలిన విషయాలను పటంలోకి తిరిగి ఎక్కించేటప్పుడు పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. వేరే కంపెనీల పటాల్లోంచి పేర్లు, స్థానాలు ఎత్తి రాయడానికి లైసెన్సు ఒప్పుకోదు, కంటితో చూసినదే రాయాలి. పేరును బోర్డు మీద ఉన్నట్టే `name` లో, తెలుగు రూపాన్ని `name:te` లో, డాక్టరు కూర్చునే వేళలను `opening_hours` లో పెట్టాలి. సాయంత్రం మాత్రమే తెరిచే క్లినిక్‌కు ఇది చాలా కీలకం. మూతపడిన క్లినిక్‌ను చెరిపేయడం కంటే `amenity=clinic` ను `disused:amenity=clinic` గా మార్చడం, `healthcare` ముద్ర కూడా ఉంటే దానికీ ముందు `disused:` చేర్చడం మేలు. చెరిపేస్తే, పాత సమాచారం చేతిలో ఉన్న ఇంకొకరు దాన్ని మళ్లీ ఎక్కించే అవకాశం ఉంది. ముద్ర మారిస్తే ఇక్కడ క్లినిక్ ఉండేది, ఇప్పుడు లేదు అన్న సంగతి నిలుస్తుంది, మన ప్రశ్నకు మాత్రం అది చిక్కదు. జంటగా పడిన నమోదుల్లో బిందువు మీది వివరాలను ఆకారానికి చేర్చి బిందువును తీసేయాలి.

ఆ తర్వాత ప్రశ్నను మరోలా అడగవచ్చు. వృత్తంలో ఉన్నవాటిలో ఎవరైనా వెళ్లి చూసినట్టు తేదీ లేనివి ఏవి అని.

```
nwr["amenity"~"^(clinic|doctors|hospital)$"][!"check_date"]
   (around:12000,17.6688,80.8936);
out center;
```

ఈ జాబితాతో మొదలుపెట్టేవారికి ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది. పటంలో లేని చిన్న క్లినిక్కులు ఇందులోనూ ఉండవు కాబట్టి, జాబితా లేకుండా నడిచే ఆ రెండో మనిషిని ఈసారి కిందటిసారి నడవని వీధుల్లోకి పంపాలి, వీలైతే సాయంత్రం ఆరు దాటాక.